ఏడాది పొడవునా కట్టే భవనానికి టైమ్‌ల్యాప్స్: విరామం, ఫ్రేము, వెలుగు మినుకు, వాతావరణం

ప్రశ్న: గుంటూరు విద్యానగర్‌లో మా పాత ఇల్లు తీసేసి, స్టిల్టు మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టిస్తున్నాం. బిల్డరు గారు 14 నెలలు పడుతుందంటున్నారు. ఎదురు వరుసలో మా బాబాయి గారి మేడ ఉంది. దాని మెట్ల గది దగ్గర నుంచి చూస్తే మా స్థలమంతా కనిపిస్తుంది. నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. ఎన్ని నిమిషాలకొక ఫోటో తీయాలి? యూట్యూబ్‌లో చూసిన చాలా వీడియోలు వెలుగుతూ ఆరుతూ కళ్ళు నొప్పి పుట్టిస్తున్నాయి. అలా కాకుండా ఏం చేయాలి? మన ఎండకీ వానకీ కెమెరా తట్టుకుంటుందా?

సమాధానం:

మీ వీడియోలో నిజానికి రెండు వేర్వేరు కదలికలు ఉండాలి. ఒకటి, 14 నెలల పాటు భవనం నేలలోంచి నెమ్మదిగా లేచే కదలిక. ఇందులో మనుషులు కనిపించనక్కరలేదు. రెండోది, స్లాబు వేసే రోజు లాంటి ఒక్క రోజు పని. ఇందులో మనుషులే ముఖ్యం. ఈ రెండింటినీ ఒకే విరామంతో తీసి, వచ్చిన ఫోటోలన్నిటినీ వరసగా పేర్చడం వల్లనే మీరు చూసిన వీడియోలు అలా తయారవుతున్నాయి. మినుకును తర్వాత సాఫ్ట్‌వేర్ సరిదిద్దుతుందని చాలామంది నమ్ముతారు గానీ, ఏడాది పొడవు వీడియోలో దానికి అసలు మందు ఏ ఫోటోలను ఎంచుకుంటామన్న దానిలోనే ఉంది. ఎంచుకోవడానికి తగినన్ని ఫోటోలు చేతిలో ఉండేలా విరామం పెట్టుకోవాలి.

రోజువారీ పనికి పది నిమిషాలకొక ఫోటో చాలు. ఉదయం 5 గంటల నుంచి సాయంత్రం 6.50 దాకా తీస్తే రోజుకు 84 ఫోటోలు వస్తాయి. 14 నెలలంటే సుమారు 420 రోజులు కాబట్టి మొత్తం 35 వేల పైచిలుకు. ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్ షట్టర్లను సాధారణంగా లక్ష సార్లు పనిచేసేలా లెక్కగట్టి తయారుచేస్తారు. మీ కెమెరా ఇప్పటికే 60 వేలు దాటి ఉంటే తప్ప షట్టర్ గురించి బెంగ అక్కరలేదు. ఒక్కొక్క జేపెగ్ ఎనిమిది ఎంబీ అనుకుంటే అన్నీ కలిపి 280 జీబీ చుట్టూ తేలతాయి. ఇంత సుదీర్ఘమైన పనికి రా ఫైళ్ళు నేను సిఫార్సు చేయను. చోటు మూడింతలు కావాలి, పైగా ఎంచుకునేటప్పుడు తెరిచి చూడడమే పెద్ద పనవుతుంది.

ఈ ఫోటోలన్నిటినీ సెకనుకు 25 చొప్పున ఆడిస్తే 23 నిమిషాలకు పైగా వస్తుంది, అంతసేపు ఎవరూ చూడరు. రోజుకు ఏడెనిమిది ఫోటోలు తీసుకుందామని అనిపిస్తుంది. అలా చేస్తే ప్రతి రోజూ సెకనులో మూడో వంతు మాత్రమే తెర మీద ఉంటుంది. ఆ కొద్దిసేపట్లోనే నీడలు పడమటి నుంచి తూర్పుకు జరిగి, మరునాటికి మళ్ళీ మొదటికి దూకుతాయి. సెకనుకు మూడుసార్లు ఆ దూకుడు చూడడమే కళ్ళకు నొప్పి, దాన్ని మినుకు తగ్గించే ఏ డీఫ్లికర్ సాఫ్ట్‌వేరూ మాన్పలేదు. అందువల్ల ఏడాది కదలికకు రోజుకు ఒక్క ఫోటో మాత్రమే తీసుకోండి. 420 ఫోటోలను సెకనుకు ఆరు చొప్పున, ఒకదానిలోకి ఒకటి కరిగిపోయేలా కలిపితే 70 సెకన్ల నిలకడైన వీడియో వస్తుంది. మిగిలిన ఫోటోలు వృథా కావు. పునాది తవ్విన రోజు, పరంజా దించిన రోజు వంటివి పూర్తి రోజులుగా వాడుకోవచ్చు. 84 ఫోటోలంటే మూడు సెకన్లకు పైగానే, ఒక రోజును చూపించడానికి అది సరిపోతుంది.

స్లాబు రోజు లెక్క వేరు. కాంక్రీటు పోత మొదలైతే ఆపకుండా సాగాలి కనుక ఎనిమిది నుంచి పది గంటల్లో ఒక అంతస్తు అయిపోతుంది. పది నిమిషాల విరామంతో తీస్తే అందులో దక్కేది రెండున్నర సెకన్లే. మనుషులు ఒక ఫోటోలో ఇక్కడ, మరో ఫోటోలో అక్కడ తేలతారు తప్ప పని జరుగుతున్నట్టు ఉండదు. ఆ రోజుకు 30 సెకన్లకొక ఫోటో పెడితే పది గంటలకు 1,200 ఫోటోలు, అంటే 48 సెకన్ల వీడియో. ఇంకా దగ్గరగా, పది సెకన్లకొకటి తీస్తే కాంక్రీటు పరుచుకోవడం మరింత సున్నితంగా కనిపిస్తుంది, కానీ షట్టర్ ఆయుష్షులో మూడు వేల పైన ఒక్క రోజులో ఖర్చవుతుంది. మీ భవనానికి స్టిల్టు కప్పుతో కలిపి ఆరు స్లాబులు పడతాయి. ఆరింటినీ తీయనక్కరలేదు. మొదటిదీ, చివరిదీ చాలు. సెంట్రింగ్ పలకలు బిగించి కడ్డీ కట్టే రోజులు నిదానంగా సాగే పని కాబట్టి వాటికి పది నిమిషాలే సరిపోతుంది.

విరామం మార్చాల్సి వచ్చినప్పుడు కెమెరాను చేత్తో తాకితే ఫ్రేము కదులుతుంది. కాబట్టి కెమెరాలోని టైమరు కాకుండా, మెట్ల గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టి యూఎస్‌బీ కేబుల్‌తో నడపమంటాను. కేబుల్ ఐదు మీటర్లు దాటకూడదు. కెమెరాను కంప్యూటరు నుంచి నడిపే gphoto2 సాఫ్ట్‌వేర్ మీ మోడల్‌ను గుర్తిస్తుందో లేదో ముందుగా ఇంట్లోనే చూసుకోండి. పాత నికాన్, కానన్ డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటిని గుర్తిస్తుంది. రోజువారీ ఫోటోకు ఈ చిన్న స్క్రిప్టు చాలు:

```
#!/bin/sh
cd /home/pi/photos
gphoto2 --capture-image-and-download \
  --filename "$(date +%Y%m%d-%H%M%S).jpg"
```

దీన్ని teeyi.sh అనే పేరుతో దాచి, నడపడానికి అనుమతి ఇచ్చి, ఆదేశాలను చెప్పిన వేళకు తనంతట తానే నడిపే crontab లో ఈ వరస రాయండి:

```
*/10 5-18 * * * /home/pi/teeyi.sh
```

స్లాబు రోజున ఆ వరసకు ముందు # పెట్టి ఆపి, ఫోటోల ఫోల్డరులోంచి ఇది నడపండి:

```
gphoto2 --capture-image-and-download --interval 30 --frames 1200 \
  --filename "slab-%Y%m%d-%H%M%S.jpg"
```

ఫైలు పేరులోనే తేదీ, గంట ఉండడం చివర్లో ఎంపికకు ఎంతో ఉపయోగపడుతుంది. ఫోటోలు ఎప్పటికప్పుడు రాస్ప్‌బెర్రీ పై లోకి చేరిపోతాయి కనుక కార్డు కోసం కెమెరా ఉన్న పెట్టె తెరవనక్కరలేదు. చివరి ఫోటో ఎప్పటిదో ఇంట్లోంచే చూసుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యంలా అనిపిస్తుంది గానీ, ఇలాంటి పనులు ఎక్కువగా చెడేది కెమెరా ఆగిపోయిన సంగతి మూడు వారాల దాకా ఎవరూ గమనించకపోవడం వల్లనే.

ఇక ఫ్రేము. భవనం ఇంకా లేదు, రేపు ఎంత ఎత్తుకు లేస్తుందో దానికి ఇవాళే చోటు వదలాలి. స్టిల్టు మూడు మీటర్లు, ఐదంతస్తులు పదిహేను, పైన పిట్టగోడ, లిఫ్టు గది, నీళ్ళ ట్యాంకు కలిపితే నేల నుంచి 21 మీటర్లు అనుకుందాం. మీరు దూరం చెప్పలేదు కాబట్టి కెమెరా నేలకు 9 మీటర్ల ఎత్తులో, భవనం ముందు గోడకు 30 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క వేస్తున్నాను. టేపు పట్టి కొలిచి మీ అంకెలు వేసుకోండి. ఫ్రేములో పట్టే ఎత్తు తెలియాలంటే దూరాన్ని సెన్సర్ ఎత్తుతో గుణించి లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగించాలి. నికాన్ డీఎక్స్ సెన్సర్ ఎత్తు సుమారు 15.6 మిల్లీమీటర్లు. 18 మిల్లీమీటర్ల దగ్గర 30 మీటర్ల దూరానికి 26 మీటర్ల ఎత్తు పడుతుంది. కానన్‌లో సెన్సర్ కాస్త చిన్నది కాబట్టి 25 మీటర్లకు కొద్దిగా తక్కువ.

కెమెరాను పైకి ఎత్తి పెట్టకండి, లెవెల్ చూసి సమంగానే బిగించండి. పైకి వంచితే పిల్లర్లన్నీ లోపలికి వాలినట్టు కనబడతాయి, భవనం పెరిగే కొద్దీ ఆ వాలు మరింత కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సమంగా పెట్టినప్పుడు ఫ్రేము కెమెరాకు పైన 13 మీటర్లు, కింద 13 మీటర్లు చూస్తుంది. అంటే నేల నుంచి 22 మీటర్ల దాకా అందుతుంది, మీ 21 మీటర్ల భవనం బిగుతుగా పట్టేస్తుంది. అయితే ఫోటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది, వీడియో 16:9. మధ్యలోంచి కోస్తే పైనా కిందా కలిపి ఎత్తులో ఆరో వంతు దాకా పోతుంది, మిగిలేది 22 మీటర్లు. అప్పుడు లిఫ్టు గది తెగిపోతుంది. కోత మధ్యలోంచి కాకుండా ఫోటో పై అంచు నుంచి మొదలుపెడితే నేల దగ్గర నుంచి భవనం తల దాకా అన్నీ ఉంటాయి, రోడ్డు మీద పోయే బళ్ళు మాత్రం బయటికి పోతాయి. మొదట్లో పునాది గోతులు తీసేటప్పుడు మాత్రం కింది అంచు దాకా చూపించడం మంచిది. కోతను మొదటి రోజు అడుగున ఉంచి, భవనంతో పాటు మెల్లగా పైకి జరిపితే ఆ రెండూ దక్కుతాయి. అసలు కెమెరా కదలనే కదలదు.

జూమ్ రింగు 18 దగ్గర, ఫోకస్ రింగు మీరు కుదిర్చిన చోట టేపు వేసి బిగించండి. ఆటోఫోకస్ ఆపండి. లెన్సులో కదలిక తగ్గించే మీట ఉంటే అదీ ఆపాలి. లేకపోతే లెన్సులోని అద్దం ప్రతి ఫోటోకూ కొద్దిగా వేరే చోట ఆగుతుంది.

ట్రైపాడ్ ఈ పనికి పనికిరాదు. పెట్టెను మోసే ఇనుప బ్రాకెట్టును కాంక్రీటు పిల్లరుకో బీముకో 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇటుక పిట్టగోడ మీద వద్దు, కొన్నాళ్ళకు బోల్టు వదులవుతుంది. ట్యాంకు స్టాండు మీద అసలే వద్దు, ట్యాంకు నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ అది కొద్దిగా ఒంగుతుంది. పొడవైన ఇనుప గొట్టం ఎంత గట్టిగా ఉన్నా ఒక పక్క ఎండ తగిలితే రెండో పక్కకు వంగుతుంది. కంటికి తెలియని ఆ వంపు 30 మీటర్ల అవతల కొన్ని పిక్సెళ్ళ కదలికగా తేలుతుంది. అందుకే బ్రాకెట్టు పొట్టిగా, గోడకు వీలైనంత దగ్గరగా ఉండాలి. ఇంత చేసినా మిగిలే చిన్న కదలికలను తర్వాత సరిచేసుకోవచ్చు. ఎడిటింగ్‌లో స్థిరీకరణకు గుర్తుగా భవనంలోని బిందువులను ఎంచుకోకండి, భవనం మారుతుంటుంది. ఫ్రేము అంచుల్లో ఉన్న పక్కింటి కిటికీ మూలను, దూరంగా ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు అంచును ఎంచుకోండి. వేపచెట్టు కొమ్మలు గుర్తులుగా పనికిరావు.

దిక్కు కూడా ముఖ్యమే. బాబాయి గారి మేడ మీ స్థలానికి దక్షిణాన ఉండి కెమెరా ఉత్తరానికి చూస్తే సూర్యుడు ఎప్పుడూ ఫ్రేములోకి రాడు. జూన్‌లో కూడా మన అక్షాంశం దగ్గర సూర్యుడు తూర్పుకు పాతిక డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు తప్ప అంతకు మించి జరగడు. కెమెరా పడమటికి చూస్తుంటే మాత్రం సాయంత్రాలు చాలావరకు పనికిరావని ముందే లెక్కలో వేసుకోండి. ఉత్తరానికి చూసినా ఒక ఇబ్బంది ఉంది. గుంటూరు 16.3 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందున మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. ఆ మూడు నెలలూ మీకు కనబడే దక్షిణపు గోడ మిట్టమధ్యాహ్నం నీడలోకి వెళ్తుంది, డిసెంబరులో అదే గోడ తళతళలాడుతుంది. రోజూ పన్నెండింటి ఫోటోనే తీసుకుందామని అనుకునేవారికి ఇది ఎదురుదెబ్బ.

దీన్నుంచే రోజుకొక ఫోటో ఏ వేళదై ఉండాలన్నది తేలుతుంది. నేను ఎంచుకునేది సూర్యోదయానికి అటూ ఇటూగా, ఎండ ఇంకా గోడ మీద పడని వేళ. అప్పుడు వెలుగు ఆకాశం మొత్తం నుంచి సమంగా వస్తుంది, నీడలు ఉండవు. మబ్బు పట్టిన రోజుకూ మబ్బు లేని రోజుకూ ఫోటోలో తేడా చాలా తక్కువ. పనివాళ్ళు రారు కాబట్టి భవనం తనంతట తానే పెరుగుతున్నట్టు ఉంటుంది. మన ప్రాంతంలో సూర్యోదయం జూన్ మొదట్లో సుమారు 5.30కి, జనవరిలో 6.40కి అవుతుంది కాబట్టి గడియారంలో ఒకే గంటను కాకుండా పంచాంగంలోని సూర్యోదయ సమయాన్ని చూసి ఆ రోజు ఫోటో తీసుకోవాలి. వీధి దీపాలు ఆరిన తర్వాతి ఫోటో అయితే మరీ మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు కమ్మిన రోజుకు బదులు ముందు రోజు ఫోటోనే మరోసారి వాడినా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మినుకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానికి కారణాలు వేర్వేరు, మందులూ వేర్వేరు. ఏడాది తీతలో వేకువకూ మధ్యాహ్నానికీ వెలుగు ఎన్నో రెట్లు మారుతుంది కాబట్టి పూర్తి మాన్యువల్ కుదరదు. అపర్చర్ ప్రయారిటీలో పెట్టి, ఐఎస్ఓ 100 దగ్గర, వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగు దగ్గర కట్టేయండి. మీటరింగ్ ఫ్రేము మొత్తానికి ఉండాలి, స్పాట్ వద్దు. నీడలను తనంతట తానే తేలికపరిచే సౌకర్యాలు ప్రతి కెమెరాలోనూ ఒక పేరుతో ఉంటాయి, వాటిని ఆపండి. డీఎస్ఎల్ఆర్‌లో చాలామంది మరిచేది వెనుక వ్యూఫైండరు. దాని ద్వారా లోపలికి వచ్చే వెలుతురు మీటరును తప్పుదారి పట్టిస్తుంది, కంటి రంధ్రం మీద నల్ల టేపు అంటించాలి. కట్టుబడి సాగే కొద్దీ మీటరు ఇంకో విధంగా కూడా మోసపోతుంది. బూడిద రంగు గోడలకు పుట్టీ, తెల్ల ప్రైమరు పడగానే ఫోటోలు మొత్తంగా నల్లబడతాయి, ఆకుపచ్చ వల దించగానే మళ్ళీ మారతాయి. ఇవి మినుకులు కావు, మెట్లు. ఎడిటింగ్‌లో ఆ తేదీ దగ్గర ఒక్కసారి వెలుగు సరిచేస్తే పోతాయి.

స్లాబు రోజు మాత్రం పూర్తి మాన్యువల్. అయినా మినుకు వస్తే అనుమానించవలసింది అపర్చర్ రెక్కలను. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉండి, ఫోటో తీసే క్షణంలో మాత్రమే మీరు పెట్టిన ఎఫ్-సంఖ్యకు మూసుకుంటుంది. ఆ మూత ప్రతిసారీ ఒక్కలా ఉండదు. ఎఫ్/11 దగ్గర రంధ్రం చిన్నది కాబట్టి చిన్న తేడా కూడా వెలుగులో పెద్దదిగా తెలుస్తుంది. తేలికైన ఉపాయం లెన్సును పూర్తిగా తెరిచి, 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/3.5 లోనే తీయడం. రెక్కలకు పనే ఉండదు, తేడా రాదు. ఈ లెన్సుతో 30 మీటర్ల దూరానికి ఎఫ్/3.5 వద్ద కూడా ముందూ వెనకా అన్నీ స్పష్టంగానే ఉంటాయి, అంచుల్లో కాస్త మెత్తదనం వస్తుంది. దాన్ని నేను లెక్కచేయను. చిక్కేమిటంటే మంచి ఎండలో షట్టర్ 1/2000 దాకా పోతుంది, అంత వేగంలో యాంత్రిక షట్టర్ కూడా ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించకపోవచ్చు. వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టరు లెన్సు ముందు పెడితే అది 1/250కి దిగుతుంది. ఈ ఫిల్టరును ఏడాది పొడవునా తీయకుండా ఉంచండి. వేకువ ఫోటోకు షట్టర్ అర సెకను దాకా సాగినా పెట్టె కదలదు కనుక నష్టం లేదు. పోత రాత్రి దాకా సాగి దీపాలు పెడితే షట్టర్‌ను 1/50 లేదా అంతకంటే నిదానంగా ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, వేగమైన షట్టర్ ఆ మినుకును ఫోటోలో పట్టేస్తుంది.

పెట్టె ఎక్కించే ముందే ఒక పరీక్ష చేయండి. మబ్బు లేని మధ్యాహ్నం ఒక గోడకు గురిపెట్టి, మాన్యువల్‌లో ఐదు సెకన్లకొకటి చొప్పున వంద ఫోటోలు తీసి ఆడించి చూడండి. ఫ్రేము మొత్తం ఒకేసారి వెలిగి ఆరుతుంటే తప్పు అపర్చర్‌ది. లెన్సును తెరిచినా పోకపోతే షట్టర్‌ది. వెలుగు స్థిరంగా ఉండి రంగు మాత్రమే పసుపుకూ నీలానికీ ఊగుతుంటే ఏదో ఒక ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంకా పనిచేస్తోంది. నిజమైన తీతలో ఫ్రేములో ఒక భాగం మాత్రమే మారుతుంటే అది మబ్బు నీడ, అందులో కెమెరా తప్పేమీ లేదు.

అప్పటికీ మిగిలే కొద్దిపాటి తేడాలకే డీఫ్లికర్. ఎంచిన 420 ఫోటోలను roju అనే ఫోల్డరులో పెట్టి, లినక్స్ లేదా మ్యాక్‌లో ఇలా కలపవచ్చు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఫోటో 6000×4000 ఉంటుందన్న లెక్కతో రాశాను:

```
ffmpeg -framerate 6 -pattern_type glob -i 'roju/*.jpg' \
 -vf "crop=6000:3375:0:625*(1-n/420),scale=3840:2160,deflicker=size=9:mode=pm,minterpolate=fps=25:mi_mode=blend" \
 -c:v libx264 -crf 18 -pix_fmt yuv420p bhavanam.mp4
```

ఇందులో crop పైన చెప్పిన కోత. మొదటి ఫోటోకు అడుగున మొదలై 420వ ఫోటోకు పై అంచు చేరుతుంది. deflicker చుట్టుపక్కల తొమ్మిది ఫోటోల సగటు వెలుగుకు ప్రతి ఫోటోనూ దగ్గర చేస్తుంది. ఆ సంఖ్యను మరీ పెంచితే తెల్ల ప్రైమరు పడిన రోజు వంటి నిజమైన మార్పులు కూడా ముందు రోజులకు పాకి, గోడ కారణం లేకుండా తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇది ఫ్రేము మొత్తం సగటునే చూస్తుంది. LRTimelapse వంటి సాఫ్ట్‌వేర్‌లో వెలుగు కొలిచే ప్రాంతాన్ని మీరే గీసుకోవచ్చు, పక్కింటి మారని గోడను ఎంచుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

వాతావరణం విషయంలో చాలామంది వానకు భయపడతారు గానీ మన దగ్గర కెమెరాకు ముందు శత్రువు మే నెల ఎండ. చాలా కెమెరాలకు తయారీదారులు చెప్పే పరిమితి 40 డిగ్రీలు. గుంటూరు, విజయవాడల్లో గాలే దాన్ని దాటుతుంది, ఎండలో మూసిన పెట్టె లోపల ఇంకెంతో ఎక్కువ. కాబట్టి వాన రాకుండా ఉండాలన్న ఒక్క ఆలోచనతో పెట్టెను పూర్తిగా మూసేయకూడదు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ఐపీ66 పాలీకార్బొనేట్ పెట్టె తీసుకుని, తెల్ల రంగు లేకపోతే వేయించి, దాని మీద రెండు అంగుళాల ఎడంలో తెల్ల రేకుతో రెండో కప్పు పెట్టండి. ఎండ ఆ రేకు మీద పడుతుంది, మధ్యలోని గాలి వేడిని మోసుకుపోతుంది. పెట్టె అడుగున వెనక్కి రెండు గాలి రంధ్రాలు చేసి సన్నని స్టీలు జాలీ అతికించండి. జాలీ లేకపోతే కందిరీగలు ఆ రంధ్రాల్లోనే మట్టి గూళ్ళు కడతాయి. కెమెరా దక్షిణపు వైపు గోడ నీడలో ఉండేలా బ్రాకెట్టును మెట్ల గది ఉత్తర గోడకు పెట్టగలిగితే సగం సమస్య తీరుతుంది. కరెంటు డమ్మీ బ్యాటరీ ద్వారా ఇవ్వండి. లిథియం బ్యాటరీని ఆ వేడిలో ఏడాది ఉంచడం మంచిది కాదు.

కిటికీకి మామూలు అద్దమే వాడండి. యాక్రిలిక్ పలక దుమ్ము తుడిచినప్పుడల్లా గీతలు పడి, సిమెంటు దుమ్ముతో నెలల్లో మసకబారుతుంది. అద్దం కొద్దిగా ముందుకు వంగి ఉంటే నీళ్ళు నిలవవు. లెన్సు అద్దానికి దాదాపు ఆనుకుని ఉండి చుట్టూ నల్ల ఫోమ్ ఉంటే పెట్టె లోపలి ప్రతిబింబాలు రావు. పైన నాలుగైదు అంగుళాల చూరు ఉండాలి, కానీ 18 మిల్లీమీటర్ల లెన్సుకు అది ఫ్రేములో పడకుండా చూసుకోండి. కేబుళ్ళు పెట్టె అడుగు నుంచే లోపలికి రావాలి. పెట్టెకు చేరే ముందు కేబుల్ కిందికి జారి మళ్ళీ పైకి వచ్చేలా వంపు ఉంచితే దాని మీదుగా వచ్చే నీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది.

జూన్ నుంచి వచ్చే నైరుతి వానలు ఉత్తరానికి చూసే కెమెరాకు వెనక నుంచి కొడతాయి కాబట్టి పెద్దగా బాధించవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు తీరానికి దగ్గరైనప్పుడు మనకు గాలి సాధారణంగా ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తుంది. ఆ వాన నేరుగా అద్దం మీద పడుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, గుంటూరుకు అది ఎంత దూరమో మీకు తెలుసు. తుపాను హెచ్చరిక వస్తే పెట్టెను ఊడదీయకండి, ఊడదీస్తే మళ్ళీ అదే ఫ్రేము దొరకదు. బోల్టులు ఒకసారి బిగించి, పై రేకును మాత్రం తీసేసి, కరెంటు తీగ పీకి, పెట్టె మీద మందపాటి పాలిథీన్ చుట్టి తాడుతో కట్టండి. అప్పుడు పనీ జరగదు కాబట్టి రెండు రోజుల ఫోటోలు పోయినా లోటు లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్న సామాన్లన్నీ నీటిపాలయ్యాయి. మీది ఎత్తయిన చోటే అయినా, రాస్ప్‌బెర్రీ పై, అడాప్టర్లు, బ్యాకప్ డిస్కు మీటర్ల గదిలో కాకుండా మెట్ల గదిలో అటక మీదే ఉండనివ్వండి. మామూలు కరెంటు కోతలకు రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ రాస్ప్‌బెర్రీ పై వరకు సరిపోతుంది. కెమెరా అడాప్టరుకు వేరే వోల్టేజీ కావాలి కాబట్టి దాన్ని ఇంటి ఇన్వర్టరు లైనుకు కలపండి.

వాన వెలిసిన తర్వాతి నెలల్లో తెల్లవారుజామున అద్దం లోపలి వైపు ఆవిరి పట్టడం మొదలవుతుంది, మీకు కావలసిన వేకువ ఫోటోలు సరిగ్గా అప్పుడే మసకబారతాయి. ఫోటో మధ్యలో మసకగా, అంచుల్లో స్పష్టంగా ఉండి ఎండెక్కగానే మామూలైతే అది ఆవిరే. రోజంతా ఒకే చోట మరక ఉంటే బయటి దుమ్ము లేదా సాలెగూడు. ఆవిరికి రంగు మారే సిలికా జెల్ సంచి పెట్టె అడుగున పెట్టి, రంగు మారగానే మార్చండి. గాలి రంధ్రాల్లో జాలీ మూసుకుపోలేదో కూడా చూడండి. బయటి అద్దాన్ని ప్లాస్టరింగ్ జరిగే నెలల్లో వారానికొకసారి, మిగతా రోజుల్లో రెండు వారాలకొకసారి ముందు నీళ్ళు చల్లి, ఆ తర్వాతే మెత్తని గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో తుడిస్తే సిమెంటు రేణువులు అద్దాన్ని గీసేస్తాయి. తుడిచిన వెంటనే ఒక ఫోటో తీసి మొదటి రోజు ఫోటో మీద పరిచి, పక్కింటి కిటికీ మూల అక్కడే ఉందో లేదో పోల్చండి. కదిలి ఉంటే ఆ పూటే బ్రాకెట్టు స్క్రూలతో సర్దండి, ఎందుకంటే మరునాటి ఫోటోలు వచ్చిపడ్డాక ఏది సరైన ఫ్రేమో తేల్చడం కష్టమవుతుంది.